ఒక్క వేసవి, పన్నెండు నెలల పచ్చడి

ఆవకాయ పెట్టడం వచ్చినవాళ్ళు మన దగ్గర ఇంటికొకరు ఉంటారు. ఆ ఆవకాయ మీదే ఏడాది పొడవునా ఇల్లు గడుపుకునేవాళ్ళు మాత్రం ఊరికి ఇద్దరో ముగ్గురో కనిపిస్తారు. ఈ తేడా ఎక్కడ వస్తుందో తెలుసుకోవాలని తెనాలిలో ఒకావిడ దగ్గరికి వెళ్ళాను. పదేళ్ళకు పైగా ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నారు. "పేరూ వీధీ రాయకండి, ఉన్న ఆర్డర్లకే చేతులు చాలడం లేదు" అన్నారు. పనికి వచ్చే ఆడవాళ్ళంతా ఆమెను అక్కా అని పిలుస్తారు. నేనూ అక్క అనే రాస్తాను.

అక్క చెప్పిన మొదటి మాట కాలం గురించి. ఆవకాయకు పనికొచ్చే కాయ ఏడాదిలో నాలుగైదు వారాలే దొరుకుతుంది. ఏప్రిల్ మూడో వారం దాకా టెంక గట్టిపడదు. జూన్‌లో తొలకరి పడిందంటే కాయలో పులుపు తగ్గుతుంది, గాలిలో చెమ్మ పెరుగుతుంది. ఆ మధ్యలోనే కాయ కొనాలి, కొట్టించాలి, కలపాలి. అమ్మకం మాత్రం మళ్ళీ మామిడి పూత వచ్చి పిందె కట్టేదాకా సాగుతుంది. మే నెలలో పెట్టిన డబ్బు పూర్తిగా తిరిగి చేతికి రావడానికి పది నెలలు పడుతుంది. ఇంట్లో బియ్యం, పాలు, పిల్లల ఫీజు మాత్రం ప్రతి నెలా కావాలి. రుచి బాగుందని పది మంది మెచ్చుకున్నాక మొదలుపెట్టిన చాలామంది రెండో ఏడే మానేయడానికి కారణం ఇక్కడే ఉందని అక్క అంటారు. ఆమె ఈ చిక్కును ఎలా విప్పుకున్నారన్నదే అసలు కథ.

ఆడపడుచు అడిగిన ఐదు కిలోలు

2014లో భర్త గుమాస్తాగా పనిచేసే రైసుమిల్లు మూతపడింది. అదే వేసవిలో హైదరాబాదులో ఉండే ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, మా ఆఫీసువాళ్ళు నీ ఆవకాయ రుచి చూసి డబ్బిస్తామంటున్నారు, ఐదు కిలోలు పెట్టి పంపవా?" అని అడిగింది. మొహమాటపడుతూనే కిలో రెండు వందల చొప్పున తీసుకున్నారు. కాయ, కారం, నూనె ఖరీదు మాత్రమే లెక్కవేసుకుని మిగిలిందంతా లాభమనుకున్నారు. వెల్లుల్లి, ఆవాలు, మర పట్టించిన కూలి, డబ్బాలు, పార్సిలు వేయడానికి బస్టాండుకు వెళ్ళిన ఆటో, ఇవేవీ ఆ లెక్కలోకి రాలేదు. ఇప్పుడా కాగితం తీసి చూస్తే కిలోకు ముప్పై రూపాయలు కూడా మిగలలేదని తేలుతుంది.

మరుసటి ఏడు నలభై కిలోలు పెట్టారు. ఆడపడుచు కాలనీలో, ఇక్కడి వీధిలో, కూతురి స్కూల్లో టీచర్ల దగ్గర అన్నీ వారం రోజుల్లో అయిపోయాయి. 2016లో డ్వాక్రా గ్రూపు లోన్ తీసుకుని నూట ఇరవై కిలోలకు వెళ్ళారు. ఆ ఏడే దెబ్బ తగిలింది.

తవ్వ పోయి కాటా వచ్చింది

జూలై మొదట్లో ఒక ఇంటినుంచి కబురొచ్చింది, సీసా మూతి చుట్టూ తెల్లగా బూజు కట్టిందని. వాళ్ళు తడి గరిటె పెట్టి ఉంటారనుకున్నారు. వారం తిరక్కుండా మరో రెండిళ్ళ నుంచి అదే మాట వచ్చింది. సీసాలు వెనక్కి తెప్పించి చూస్తే ముక్క వేలితో నొక్కితే నలిగిపోతోంది, మూత తీస్తే కొద్దిగా పులిసిన వాసన. అప్పటిదాకా అమ్మిన దాంట్లో పద్నాలుగు కిలోలు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇచ్చేశారు. అన్నీ ఒకే రోజు కలిపిన జాడీలోవి.

అమ్మ నేర్పినట్టే తవ్వతో కొలిచారు. కాయ బాగుంది, నూనె బాగుంది. మరి తేడా ఎక్కడ? ఆలోచించి ఆలోచించి కిరాణా కొట్టుకు వెళ్ళి ఉప్పు తూయించారు. ఎప్పుడూ మరలో మెత్తగా పట్టించిన ఉప్పు వాడేవారు. ఆ రోజు కరెంటు లేక రాళ్ళ ఉప్పును రోట్లో కచ్చాపచ్చాగా దంచి కొలిచారు. పలుకులు పెద్దవైతే మధ్యలో ఖాళీ ఎక్కువ ఉంటుంది, అదే తవ్వలో తక్కువ ఉప్పు పడుతుంది. తూకం వేస్తే తవ్వకు దాదాపు నూరు గ్రాముల తేడా వచ్చింది. నాలుగు కిలోల ముక్కలతో ఇంటికోసం పెట్టుకునే జాడీలో ఈ తేడాను నాలుక పట్టేస్తుంది, మూడో రోజు కలిపేటప్పుడు ఇంకాస్త ఉప్పు వేసి సరిచేస్తాం. ముప్పై కిలోలు కలిపిన చోట ఒక మూల తీసి రుచి చూస్తే అది తెలియదు.

కారం సంగతీ అంతే. అప్పుడే మరపట్టి తెచ్చిన కారం పొంగి ఉంటుంది, నాలుగు రోజులు డబ్బాలో ఉంటే అణుగుతుంది. కొలతపాత్ర మారకపోయినా లోపల పడే బరువు మారిపోతుంది. అందుకే ఆ వారమే కాటా కొన్నారు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఏ పచ్చడైనా గ్రాముల్లోనే రాసి ఉంటుంది. "మా అమ్మ చేతికి కాటా అక్కర్లేదు, ఎందుకంటే ఆవిడ ఏడాదికి ఒక్క జాడీ పెట్టేది. నేను ముప్పై జాడీలు పెట్టాలి, ముప్పయ్యోదీ మొదటిదానిలాగే ఉండాలి" అని అక్క చెప్పారు. కొన్నవాళ్ళు రెండోసారి అడిగేది మొదటిసారి తిన్న రుచినే. అది ఇంకా బాగుండాలని వాళ్ళు కోరరు, మారకుండా ఉంటే చాలంటారు.

ఆవకాయ పెట్టే రోజు

పాళ్ళు గుర్తుపెట్టుకోవడం తేలిక. కిలో ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు తలా 200 గ్రాములు, నువ్వుల నూనె 450 మిల్లీలీటర్లు, గుప్పెడు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు మెంతులు. కష్టమంతా ఈ పాళ్ళకు ముందు జరిగే పనిలో ఉంది.

నూజివీడు వైపు నుంచి వచ్చే కాయల్ని తెల్లవారుజామున మార్కెట్లో చూసి ఎంచుతారు. బస్తాలోంచి ఏవో నాలుగు తీసి అక్కడే కొట్టించి చూడటం అలవాటు. కత్తి దిగేటప్పుడు టెంక గట్టిగా అడ్డం తగలాలి, కండ తెల్లగా ఉండాలి. కండలో పసుపు ఛాయ కనిపించిందంటే కాయ పండుబారుతోందని అర్థం, ఆ బస్తా వద్దంటారు. టెంక ముదరని కాయైతే ముక్కకు పట్టు ఉండదు, రెండు నెలల్లో పేస్టులా అయిపోతుంది. తెచ్చిన కాయల్ని నీళ్ళలో వేసి కడిగి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచి, కత్తిపీటతో కొట్టేవాళ్ళను ఇంటికే పిలిపిస్తారు. మార్కెట్లో రద్దీలో కత్తిని మాటిమాటికీ నీళ్ళతో కడుగుతుంటారు, ఆ తడి ముక్కకు అంటుతుందని ఆమె భయం. జీడి తీసి, టెంకకు లోపల అంటిన పల్చటి పొర గీకి, ప్రతి ముక్కనూ మళ్ళీ తుడిచి, పాత చీర మీద ఫ్యాను కింద గంటసేపు ఆరబెడతారు.

ఆవాల పని ఇంకా సున్నితం. రెండు రోజులు ఎండబెట్టి, పొద్దున్నే చల్లటి వేళలో కొంచెం కొంచెంగా పట్టాలి. మిక్సీ జారు వేడెక్కితే పిండి చేదెక్కుతుంది. ఒకసారి వచ్చిన ఆ చేదును ఏం కలిపినా పోగొట్టలేం. అందుకే నాలుగు దఫాలు తిప్పాక జారును చేత్తో పట్టుకుని చూసి, గోరువెచ్చగా తగిలితే ఆపి, అది చల్లారేదాకా రెండో జారుతో పనిచేస్తారు.

ఇక కలపడం. వెడల్పాటి బేసిన్లో పిండ్లన్నీ కలిపి ఉంచుకుంటారు. పక్కన ఇంకో గిన్నెలో నూనె. గుప్పెడు ముక్కలు నూనెలో ముంచి తీసి, పిండిలో దొర్లించి జాడీలోకి వేస్తారు. ముక్క చుట్టూ ముందు నూనె పట్టడం వల్ల పిండి సమంగా అంటుతుంది. మూడో రోజు తిరగ కలిపేసరికి ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగి ఊట దిగి ఉంటుంది. అప్పుడు రుచి చూస్తే ఉప్పు కొంచెం ముందుండాలి. ముక్క ఊరేకొద్దీ అది సర్దుకుంటుంది. ఆ రోజే ఉప్పు సరిగ్గా సరిపోయినట్టు అనిపించిందంటే వర్షాకాలానికి చప్పబడుతుందని లెక్క.

ఆవకాయ ఏడాది నిలవడానికి మూడు కాపలాలున్నాయి. ఉప్పు నీటిని పట్టేసుకుంటుంది కాబట్టి సూక్ష్మజీవులకు నీరు దక్కదు. మామిడి పులుపు వాటిలో చాలావాటిని పెరగనివ్వదు. పైన తేలే నూనె గాలిని ఆపుతుంది, బూజు పెరగాలంటే గాలి కావాలి. ఇందులో ఏది తగ్గినా దాని గుర్తు వేరుగా కనిపిస్తుంది. నూనె తగ్గి ముక్క పైకి తేలితే ముందు బూజు. ఉప్పు తగ్గినా తడి చేరినా ముక్క మెత్తబడటం, బుడగలు, మూత ఉబ్బడం. నూనె పాతదైతే కమురు వాసన. మూత తీయగానే ఏ గుర్తు కనిపించిందో చూసి, ఆ రోజు ఏం తప్పిందో అక్క చెప్పేయగలరు. ప్రతి జాడీకి తేదీ, కాయ ఎక్కడ కొన్నదీ, కారం ఏ లాటుదీ రాసిన చీటీ అంటిస్తారు. పద్నాలుగు కిలోలు పోయినప్పుడు ఒకే జాడీ అని గుర్తుపట్టగలిగింది అదృష్టంకొద్దీనట. ఆ తర్వాత అదృష్టానికి వదల్లేదు.

కలిపిన నెల రోజుల దాకా సీసాల్లోకి ఎత్తరు. అప్పటిదాకా ముక్క ఊట వదులుతూనే ఉంటుంది, నూనె మట్టం మారుతూ ఉంటుంది. తొందరపడి ప్యాక్ చేస్తే పార్సిల్లో కారిపోతుంది. నిలవ ఉంచడానికి జాడీలు, ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ డ్రమ్ములే వాడతారు. ఉప్పూ పులుపూ కలిసి లోహాన్ని తినేస్తాయి కనుక అల్యూమినియం గిన్నె ఆ గదిలోకే రాదు.

కిలోకు ఎంత పడుతుంది?

అక్క నోట్‌బుక్కులో ఒక బ్యాచ్ లెక్క ఇలా ఉంది. పది కిలోల కాయ కొడితే జీడి, తొడిమ, పనికిరాని ముక్కలు పోను ఏడున్నర కిలోలు మిగిలాయి. కాయకు 500, కొట్టిన కూలి 100. కిలోన్నర కారానికి 450, కిలోన్నర ఆవపిండికి 180, ఉప్పుకు 30. మూడు లీటర్ల నాలుగు వందల మిల్లీలీటర్ల నువ్వుల నూనెకు 1,190. వెల్లుల్లి, మెంతులకు 110. మొత్తం 2,560 రూపాయలు. చేతికొచ్చిన పచ్చడి పదిహేనున్నర కిలోలు. కిలోకు 165 రూపాయలు పడింది.

ఇందులో సగానికి దగ్గరగా నూనె ఖర్చే ఉంది. పచ్చడి వ్యాపారంలో మొదట కోత పడేదీ అక్కడే. నువ్వుల నూనె స్థానంలో చవక నూనె పోస్తే కిలోకు ముప్పై నలభై రూపాయలు మిగులుతాయి. అక్క ఒక బ్యాచ్‌లో సగం సగం కలిపి చూశారు. మొదటి రెండు నెలలు ఎవరికీ తేడా తెలియలేదు. సంక్రాంతి తర్వాత ఆ సీసాలు కొన్నవాళ్ళు మాత్రం "ఈసారి అన్నంలో కలిపితే వాసన రావడం లేదండీ" అన్నారు. ఆ తర్వాత ఆ పని చేయలేదు.

సీసా, లేబులు, అట్టపెట్టె కలిపి కిలోకు 35. అమ్మే ధర 450. చూడగానే కిలోకు 250 మిగిలినట్టు కనిపిస్తుంది. పనివాళ్ళ కూలి కిలోకు నలభై దాకా పడుతుంది. పన్ను కట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి, దారిలో పగిలినవీ కారినవీ మళ్ళీ పంపాలి. ఊళ్ళో రెండు కిరాణా కొట్లకు వేసే సరుకు మీద ఇరవై శాతం వాళ్ళకు పోతుంది. కొట్లో అమ్మిన కిలోకు 90 రూపాయలు, నేరుగా ఇంటికి పంపిన కిలోకు దానికి రెట్టింపు చేతిలో పడుతుంది. ఈ తేడా తెలిశాకే ఆమె కొట్లకు ఇచ్చే సరుకు తగ్గించారు. పూర్తిగా మానలేదు, ఎందుకంటే కొత్తవాళ్ళు మొదట చూసేది ఆ కొట్లోనే.

మిగతా పదకొండు నెలలు

ఇప్పుడు మొదటి చిక్కు దగ్గరికి రావచ్చు. కిందటి వేసవిలో అక్క 520 కిలోల ఆవకాయ పెట్టారు. సరుకు ఖర్చే 86 వేల దాకా అయింది. ఇంత డబ్బును ఒక్క నెలలో తేవాలి, పది నెలలు జాడీల్లో ఉంచాలి.

ముందు ఆమె చేసింది కొనుగోళ్ళను విడదీయడం. ఆవాలు కొత్తపంట ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. గుంటూరు యార్డుకు ఎండుమిరప జోరుగా వచ్చేదీ అప్పుడే. కొత్త కాయకు రంగు నిండుగా ఉంటుంది కూడా. ఘాటుకు తేజ, రంగుకు బ్యాడిగి కలిపి ఎండబెట్టి తొడిమలు తీయించి ఉంచుకుంటారు. ఇలా మేలో కొనాల్సింది కాయ, నూనె, వెల్లుల్లి మాత్రమే మిగులుతుంది. మూడు నెలల మీద పంచుకుంటే ఆ భారం అప్పు లేకుండా మోయగలిగినంతకు వచ్చింది.

రెండోది, ఆవకాయ లేని నెలలకు పచ్చడి వెతకడం. ఆమె గోడమీద ఉన్న కాలెండరులో ప్రతి నెలకూ ఒక కాయ పేరుంది. కార్తీకంతో ఉసిరి వస్తుంది, ఆ వెంటనే చింతకాయ. చలికాలంలో టమాటా ధర పడిపోయినప్పుడు నిలవ టమాటా. సంక్రాంతి దాటాక పండుమిరప. గోంగూర దాదాపు ఏడాది పొడవునా దొరుకుతుంది. నిమ్మకాయలకు తెనాలి పేరుమోసిన మార్కెట్, ధర దిగినప్పుడు బస్తా తెచ్చి ఊరబెడతారు, వేసవిలో నిమ్మ ధర మండిపోతుంటే ఈమె దగ్గర ఊరిన ముక్క సిద్ధంగా ఉంటుంది.

ఒక్కోదానికి ఒక్కో కష్టముంది. గోంగూర ఆకును కడిగాక రాత్రంతా గుడ్డమీద పలచగా పరిచి ఆరనివ్వాలి, ఆకు మడతలో ఒక్క చుక్క నీరు మిగిలినా నెలకే బూజు. దోసావకాయ రుచి అందరికీ ఇష్టమే, కాని దోసముక్కలో నీరెక్కువ, పులుపు తక్కువ, అది రెండు వారాల పచ్చడి. దాన్ని ఊళ్ళోవాళ్ళకు మాత్రమే, అడిగిన రోజు కలిపి ఇస్తారు, పార్సిలుకు ఇవ్వరు.

ఈ చిన్న పచ్చళ్ళలో డబ్బు నెలా నెలన్నరలో తిరిగి వచ్చేస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పండుమిరప, గోంగూరల మీద వచ్చినదాంట్లో కొంత వేరే ఖాతాలో వేస్తారు, అదే మే నెల మామిడికాయల పెట్టుబడి. డ్వాక్రా అప్పు తీరాక మళ్ళీ ఆవకాయకోసం అప్పు చేయలేదు.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి. వేసవిలో పెట్టిన ఆవకాయను పది భాగాలు చేసి, డ్రమ్ముల మీద నెలల పేర్లు రాస్తారు. జూలై, ఆగస్టు భాగాలు పెద్దవి. అమెరికా చదువులకు వెళ్ళే పిల్లలు ఎక్కువమంది బయల్దేరేది అప్పుడే, వాళ్ళ సూట్‌కేసుల కోసం కిలో, అరకిలో ప్యాకెట్లకు గిరాకీ ఉంటుంది. అక్టోబరు, నవంబరు భాగాలు చిన్నవి. ఒక నెల డ్రమ్ము ఇరవయ్యో తారీఖుకే ఖాళీ అయితే ఆ నెలకు ఆవకాయ లేదని చెప్పి వేరే పచ్చడి చూపిస్తారు, పక్క నెల డ్రమ్ము తెరవరు. మొదట్లో ఉన్నదంతా అడిగినవాళ్ళకు అడిగినట్టు అమ్మేసి, దసరాకే ఖాళీ చేసుకునేవారు. అప్పుడు వచ్చిన డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోయేది. సంక్రాంతికి అడిగి లేదనిపించుకున్నవాళ్ళు ఇంకొకరిని వెతుక్కునేవారు, మళ్ళీ వచ్చేవారు కాదు.

సీసా మీద కాగితం

అక్క 2017లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్టర్ చేసుకున్నారు. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలుండే చిన్నవాళ్ళకు అప్పుడు రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి ఫీజు 100 రూపాయలు. పద్నాలుగు అంకెల నంబరు ఇస్తారు. ఫీజుకంటే లేబులు సరిచేయడం కష్టమైంది. పచ్చడి పేరు, వేసిన దినుసులు ఎక్కువ బరువున్నదాని నుంచి తక్కువదాని వరకు వరుసగా, నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, ధర, చిరునామా, శాకాహారమని తెలిపే పచ్చచుక్క, ఇవన్నీ ఉండాలి. జాడీకి అంటించుకునే పాత చీటీలే బ్యాచ్ నంబర్లయ్యాయి.

జీఎస్టీ దగ్గర చాలామంది పొరబడతారు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట విని ధీమాగా ఉంటారు. ఆ మినహాయింపు రాష్ట్రం లోపల అమ్మకాలకే. పన్ను పడే సరుకును ఇంకో రాష్ట్రంలో కొన్నవాళ్ళకు పంపితే అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్టర్ కావాలి. తెనాలి నుంచి హైదరాబాదుకు పంపిన కిలో ఆవకాయ ఈ లెక్కలో పొరుగు రాష్ట్రానికి వెళ్ళినట్టే. అక్క అమ్మకాల్లో సగం హైదరాబాదు, బెంగళూరులకే పోతాయి కనుక తీసుకోక తప్పలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పచ్చళ్ళ మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగడంతో ఊపిరాడింది.

ఎక్కడ ఆగాలో

కోడి, రొయ్య పచ్చళ్ళు పెట్టమని అడిగేవాళ్ళు వారానికి నలుగురు ఉంటారు. కిలోకు మిగిలేదీ ఎక్కువే. అక్క పెట్టరు. మామిడికి, నిమ్మకు, చింతకాయకు సొంత పులుపు ఉంది. మాంసానికి లేదు, పైనుంచి నిమ్మరసమో చింతపండో కలిపి తేవాలి. ముక్క లోపల తడి మిగిలి, పులుపు చాలకపోతే, గాలి తగలని నూనె కింద విషం పుట్టించే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. అది బూజులా కంటికి కనిపించదు, వాసన కూడా రాకపోవచ్చు. పులుపును కొలిచే పరికరం, ల్యాబులో పరీక్ష లేకుండా ఆ పని చేయకూడదన్నది ఆమె నిర్ణయం. తప్పు జరిగితే నాలుకతో పట్టుకోలేని పచ్చడిని అమ్మనని కచ్చితంగా చెప్పేస్తారు.

కిందటి ఏడు మొత్తం పచ్చళ్ళు 1,500 కిలోలు. అమ్మకం ఆరు లక్షల దాకా. సరుకుకు, సీసాలకు మూడు లక్షలు, కూలికి అరవై వేలు, పన్ను, కమీషన్లు, నష్టాలు, కరెంటు కలిపి యాభై వేలు పోగా ఇంటికి లక్షా తొంభై వేలు మిగిలింది. నెలకు పదహారు వేలకు దగ్గర. రోజూ వచ్చే ఇద్దరు ఆడవాళ్ళకు, వేసవిలో వచ్చే మరో నలుగురికి పని దొరికింది. ఈ పదహారు వేలు ఏ నెలా పెద్దగా పెరగదు, తగ్గదు. కూతురి ఇంజనీరింగ్ ఫీజుకు వాయిదా అడగాల్సిన అవసరం రాలేదని చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం దాచుకోలేదు.

వెయ్యి కిలోల ఆవకాయ పెడితే అమ్ముడుపోదా అని అడిగాను. "పోతుంది. కాని నెల రోజుల్లో వెయ్యి కిలోలకు ముక్క తుడవాలంటే పన్నెండుమంది కావాలి. పన్నెండుమంది తుడిచిన ముక్కను నేనొక్కదాన్నీ చూడలేను" అన్నారు. ఏడాదికి నలభై యాభై కిలోల కంటే ఎక్కువ పెంచరు. ఎంత పెంచాలో కూడా ఉగాదినాటికి మిగిలిన డ్రమ్ములే చెబుతాయి. మార్చి డ్రమ్ములో పచ్చడి మిగిలి ఉంటే ఆ ఏడు పెంచరు. మార్చి పదిహేనుకే ఖాళీ అయి, అడిగినవాళ్ళ పేర్లు నోట్‌బుక్కులో ఇరవై దాటితే ఇంకో నలభై కిలోలు కలుపుతారు.

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఆమె దగ్గరికి సలహాకు వస్తుంటారు. ఎంత పెట్టుబడి కావాలన్నది వాళ్ళ మొదటి ప్రశ్న. దానికి అక్క ఎదురుప్రశ్న వేస్తారు: పది నెలల దాకా తిరిగి అడక్కుండా జాడీలో వదిలేయగల డబ్బు మీ దగ్గర ఎంతుంది? ఆ అంకెను 165తో భాగించి, అన్ని కిలోలే ఆవకాయ పెట్టమంటారు. మిగతా డబ్బుతో ముందు ఒక కాటా, ఆ తర్వాత ఆ వారం మార్కెట్లో చవకగా ఉన్న గోంగూరో నిమ్మకాయో కొనమంటారు.